కత్తెర ఎక్కడ పడిందో చూడాలి

ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని హాస్టల్ సంపాదక వర్గం తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు, పోటీ పరీక్షల గురించి అడుగుతారేమో అనుకున్నాం. వాళ్ళు అడిగింది వేరు. "అన్నా, మీరప్పట్లో తీసిన మోటారు వీడియో సంగతి రాయండి. ఇక్కడ తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు" అన్నారు. అది మేము గొప్పగా చెప్పుకోవలసిన పని కాదు. కానీ ఇప్పుడు ప్రతి హాస్టల్లోనూ ఎవరో ఒకరి చేతిలో కెమెరా ఉన్న ఫోను ఉంది. మన సమస్యల మీద మనమే వీడియోలు తీసి పెడుతున్నాం. కాబట్టి దాచుకోకుండా జరిగింది జరిగినట్టు రాస్తున్నాం.

2018 వర్షాకాలం. హాస్టల్ బోరు మోటారు కాలిపోయి నెల దాటింది. పిల్లలు చీకటితోనే బకెట్లు పట్టుకొని రోడ్డవతల చేతిపంపు దగ్గరకు వెళ్ళి స్నానాలు చేసి వస్తున్నారు. సీనియర్ తమ్ముళ్ళు మాకు కబురు పెట్టారు. మేము, అంటే పాత బ్యాచ్‌ల వాళ్ళం ఆరుగురం, ఒక ఆదివారం వచ్చి ఫోనుతో వీడియో తీశాం. చేతిపంపు దగ్గర పిల్లల వరుస, తలుపుల్లేని బాత్‌రూములు, ఎండిపోయిన కుళాయిలు అన్నీ తీశాం. వార్డెన్ సార్ కూడా కాదనకుండా కుర్చీ వేసుకొని కూర్చుని మాట్లాడారు. ఆయన మాట్లాడింది మొత్తం పదకొండు నిమిషాలు.

ఆ పదకొండు నిమిషాల్లో ఆయన చెప్పిన దాని సారం ఇది. పిల్లలు బయటికి వెళ్ళి స్నానం చేస్తున్న మాట నిజమే. మోటారు మొదటిసారి కాలినప్పుడు తన జేబులో డబ్బు పెట్టి వైండింగ్ చేయించారు, పది రోజులకే మళ్ళీ కాలిపోయింది. కొత్త మోటారుకు ఎస్టిమేటు వేయించి పై ఆఫీసుకు మూడుసార్లు రాశారు, మంజూరు రాలేదు. మంజూరు రాకుండా నేనేం చేయగలను అని అడిగారు.

మేము పెట్టిన వీడియో 38 సెకన్లు. అందులో సార్ మాటలు రెండే. "పిల్లలు బయటికెళ్ళి స్నానం చేస్తున్న మాట నిజమే." ఆ వెంటనే ఎండిన కుళాయి దృశ్యం మూడు సెకన్లు. మళ్ళీ సార్ ముఖం, "నేనేం చేయగలను?" అంతే. కింద పెద్ద అక్షరాలతో "వార్డెన్ నిర్లక్ష్యం" అని రాశాం. ఒక్క మాట కూడా మేము కల్పించలేదు. సార్ గొంతు సార్‌దే, కుళాయి మన హాస్టల్ కుళాయే, కష్టం నిజమైన కష్టమే. అయినా ఆ వీడియో అబద్ధం.

అది వాట్సాప్‌లో ఒక్క రాత్రిలో జిల్లా అంతా తిరిగింది. మూడో రోజు సార్‌కు మెమో వచ్చింది. సంజాయిషీతో పాటు జత చేయడానికి ఆయన మా దగ్గరకే వచ్చి, "మొత్తం రికార్డు ఇవ్వండి నాయనా" అని అడిగారు. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు, అందుకే మాకు మరీ సిగ్గేసింది. ఇచ్చాం. పై ఆఫీసు వారు అది చూసి సార్ మీద మెమో వెనక్కి తీసుకున్నారు. దానితో పాటు, "విద్యార్థులు కత్తిరించి అతికించిన వీడియోతో ఫిర్యాదు చేశారు" అని రాసి మా అర్జీ కూడా పక్కన పడేశారు. మంజూరు ఇవ్వకుండా కూర్చున్న ఆఫీసుకు మేమే ఒక సాకు చేతికిచ్చినట్టయింది. కొత్త మోటారు రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ పిల్లలు చేతిపంపు దగ్గరకే వెళ్ళారు.

ఆ తర్వాతే మేము ఇలాంటి కత్తిరింపుల గురించి చదవడం మొదలుపెట్టాం. చదివిన వాటిలో మన హాస్టల్ వాళ్ళు తప్పక తెలుసుకోవలసింది అమెరికాలోని షర్లీ షెరాడ్ గారి సంగతి. ఆమె నల్లజాతి స్త్రీ. దక్షిణాదిన జార్జియా రాష్ట్రంలో రైతు కుటుంబంలో పుట్టారు. 1965లో ఆమెకు పదిహేడేళ్ళప్పుడు ఆమె తండ్రిని ఒక తెల్ల రైతు కాల్చి చంపాడు. అందరూ తెల్లవాళ్ళే ఉన్న గ్రాండ్ జ్యూరీ అతని మీద నేరారోపణే చేయలేదు. తండ్రి చనిపోయిన రాత్రే ఆమె, ఊరు విడిచి వెళ్ళకుండా ఇక్కడే ఉండి నల్లవాళ్ళ కోసం పని చేయాలని నిశ్చయించుకున్నారు. భూములు పోగొట్టుకుంటున్న రైతులకు సాయం చేసే సంస్థలో ఏళ్ళ తరబడి పనిచేశారు. 2009లో అమెరికా వ్యవసాయ శాఖలో జార్జియా రాష్ట్ర గ్రామీణాభివృద్ధి డైరెక్టరయ్యారు.

2010 మార్చి 27న ఎన్.ఏ.ఏ.సి.పి. అనే నల్లజాతి హక్కుల సంఘం వారి స్థానిక సభలో ఆమె ప్రసంగించారు. సుమారు 43 నిమిషాల ప్రసంగం. జులై 19న ఆండ్రూ బ్రైట్‌బార్ట్ అనే ఆయన తన వెబ్‌సైట్‌లో అందులోంచి రెండున్నర నిమిషాల ముక్క ఒకటి పెట్టాడు. ఆ ముక్కలో ఆమె చెబుతున్నది ఇది: ఒక తెల్ల రైతు భూమి పోయే పరిస్థితిలో తన దగ్గరకు సాయానికి వచ్చాడు. వచ్చినవాడు తనకంటే తానే ఎక్కువ అన్నట్టు మాట్లాడాడు. ఎందరో నల్ల రైతులు భూములు పోగొట్టుకుంటుంటే నేను ఇతనికి సాయం చేయాలా అని తనకు అనిపించింది. చేయగలిగినంతా చేయలేదు. అతని మనిషే అతన్ని చూసుకుంటాడులే అని ఒక తెల్ల లాయరు దగ్గరకు తీసుకుపోయి వదిలేశారు.

ఈ ముక్క ఒక్కటే చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? అధికారంలో ఉన్న మనిషి జాతి చూసి సాయం ఎగ్గొట్టిందని అనిపిస్తుంది. అదే అనిపించింది. ఆ రోజే పై అధికారుల నుంచి ఆమెకు ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి. ఆమె అప్పుడు కారు నడుపుతూ దారిలో ఉన్నారు. కారు రోడ్డు పక్కన ఆపి ఫోనులోనే రాజీనామా పంపమన్నారని ఆమె తర్వాత చెప్పారు. సాయంత్రానికి ఉద్యోగం పోయింది. ఏ సంఘం సభలో మాట్లాడారో ఆ సంఘం పెద్దలు కూడా మొత్తం ప్రసంగం చూడకుండానే ఆమెను ఖండిస్తూ ప్రకటన ఇచ్చారు.

మర్నాడు అదే సంఘం మొత్తం వీడియో బయటపెట్టింది. అప్పుడు తెలిసింది కత్తెర ఎక్కడెక్కడ పడిందో.

ముందు భాగం పోయింది. ఆ కథ మొదలుపెట్టే ముందు ఆమె తన తండ్రి హత్య గురించి, నల్లవాళ్ళ కోసమే పని చేయాలని తాను పెట్టుకున్న పట్టుదల గురించి చెప్పారు. ఆ పట్టుదలలో ఉన్న తనకు దారిలో ఏం ఎదురైందో చెప్పడానికే తెల్ల రైతు కథ ఎత్తుకున్నారు. అంటే అది తప్పు ఒప్పుకొనే కథ అని విన్నవాళ్ళకు ముందే తెలుసు.

వెనక భాగం పోయింది. లాయరు దగ్గర వదిలేసిన తర్వాత ఆ లాయరు నెలల తరబడి ఏమీ చేయలేదు. రైతు భూమి వేలానికి వచ్చే స్థితి వచ్చింది. అప్పుడు షెరాడ్ గారే మళ్ళీ పూనుకొని వేరే లాయరును వెతికిపెట్టారు. భూమి నిలబడింది. ఇది కేవలం నల్ల, తెల్ల తగాదా కాదనీ, ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ మధ్యనున్న సంగతనీ తనకు అప్పుడే కళ్ళు తెరుచుకున్నాయని ఆమె చెప్పారు. ఆ కళ్ళు తెరుచుకున్న మాట నీడలా క్లిప్పు చివర కూడా ఉంది. కానీ ఆమె ఏం చేసిందో చెప్పే భాగం లేకపోతే ఆ మాట ఎవరి చెవికెక్కుతుంది?

మూడో కత్తెర కనిపించనిది. కాలాన్ని కత్తిరించింది. రైతు సంగతి జరిగింది 1986 ప్రాంతంలో, ఆమె ప్రభుత్వేతర సంస్థలో పనిచేస్తున్నప్పుడు. క్లిప్పుకు ముందు తెర మీద వేసిన రాత మాత్రం, ఆమె ప్రభుత్వ పదవిలో ఉండి జాతి వివక్ష చూపిందన్నట్టు ఉంది. ఆ మాట ఆమె నోటి నుంచి రాలేదు, క్లిప్పులోనూ లేదు. అది శీర్షికలోంచి వచ్చింది. మేము "వార్డెన్ నిర్లక్ష్యం" అని రాసినట్టే.

ఆ రైతు దంపతులు అప్పటికి బతికే ఉన్నారు. వాళ్ళే టీవీలోకి వచ్చి ఆమె తమ భూమిని కాపాడిందని చెప్పారు. జులై 21న వ్యవసాయ మంత్రి టామ్ విల్సాక్ క్షమాపణ చెప్పి వేరే ఉద్యోగం ఇస్తామన్నారు. మర్నాడు అధ్యక్షుడు ఒబామా ఫోన్ చేసి మాట్లాడారు. ఆమె ఆ ఉద్యోగం తీసుకోలేదు. బ్రైట్‌బార్ట్ మీద పరువునష్టం దావా వేశారు. అతను 2012లో చనిపోయాడు, దావా 2015లో రాజీతో ముగిసింది. రెండున్నర నిమిషాల ముక్కకు అయిదేళ్ళు పట్టింది.

ఈ సంగతి మేము ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. క్లిప్పుల మోసం అంటే మన పిల్లలు వెంటనే గొంతు మార్చడం, ముఖం అతికించడం అనుకుంటారు. షెరాడ్ గారి క్లిప్పులో అలాంటిదేమీ లేదు. మనిషి ఒక కథ చెబుతున్నప్పుడు అందులో ఒక మలుపు ఉంటుంది. "మొదట ఇలా అనుకున్నాను, కానీ తర్వాత..." అన్న చోట. మలుపుకు ముందున్న మాటలు ఆ మనిషి ఇప్పుడు వదిలేసిన మాటలు. కత్తెర సరిగ్గా "కానీ" దగ్గర పడితే, వదిలేసిన మాటే ఆ మనిషి మాటగా మిగులుతుంది. మా వార్డెన్ సార్ విషయంలో మలుపు "మంజూరు రాకుండా" అన్న ఒక్క మాట. అది తీసేసి "నేనేం చేయగలను" ఉంచితే గోడు కాస్తా నిర్లక్ష్యమైపోయింది.

ఇలాంటి కోతను ఎలా పట్టుకోవాలని తమ్ముళ్ళు అడుగుతారు. కొన్ని గుర్తులున్నాయి. మధ్యలో కోసి అతికించిన చోట మనిషి తల ఒక్కసారిగా జరిగినట్టు ఎగురుతుంది. ఆ ఎగురుడు కనిపించకుండా అక్కడ ఇంకో దృశ్యం వేస్తారు, మేము కుళాయి వేసినట్టు. కాబట్టి మనిషి మాట్లాడుతుండగా హఠాత్తుగా వేరే దృశ్యం వచ్చి, వెంటనే మళ్ళీ మనిషి కనిపిస్తే, ఆ మూడు సెకన్ల కింద ఏదో కోత ఉండొచ్చని అనుమానించాలి. అప్పుడు కళ్ళు మూసుకొని చెవి పెట్టి వినండి. మా వీడియోలో సార్ వెనక ఫ్యాను తిరుగుతోంది. కోసిన చోట ఆ ఫ్యాను రొద ఒక్క క్షణం తెగి మళ్ళీ అందుకుంటుంది. కంటికి కనపడని అతుకు ఇయర్‌ఫోన్‌లో వినపడుతుంది. మాట సగంలో మొదలైనా, ఊపిరి తీసుకోకముందే ఆగిపోయినా అనుమానించాలి. శీర్షిక చెప్పేదీ, మనిషి నోటి నుంచి వచ్చేదీ ఒకటేనా అని పోల్చాలి.

అయితే ఈ గుర్తులన్నీ మధ్యలో పడిన కోతలకే. తల, తోక కోస్తే ఏ గుర్తూ ఉండదు. ఆ ముక్కను ఎన్నిసార్లు చూసినా, ఎంత పెద్ద చేసి చూసినా అందులో తప్పు దొరకదు. దానికి మందు ఒక్కటే, మొత్తం రికార్డు వెతకడం. ఎక్కడి సభ, ఏ తేదీ, ఇంకెవరైనా తీశారా అని అడగడం. ఆ మనిషి అన్న మాటల్లో నాలుగైదు ఉన్నవి ఉన్నట్టు కొట్టి యూట్యూబ్‌లో వెతికితే చాలాసార్లు పూర్తి ప్రసంగం దొరుకుతుంది. దొరకకపోతే తెలియదనుకొని ఊరుకోవాలి, ముందుకు పంపకూడదు.

మధ్యలో కోసి అతికించడం చిన్నవాళ్ళు చేసే పని అనుకోవద్దు. బి.బి.సి. వారి పనోరమా కార్యక్రమం 2024లో ట్రంప్ మీద చేసిన ఎపిసోడ్‌లో, 2021 జనవరి 6 నాటి ఆయన ప్రసంగంలో సుమారు 54 నిమిషాల ఎడంలో ఉన్న మాటలను కలిపి, ఒకే ఊపులో అన్నట్టు చూపించింది. శాంతియుతంగా వెళ్ళమన్న మాట అందులో లేదు. 2025 నవంబరులో అది బయటపడి సంస్థ డైరెక్టర్ జనరల్, వార్తా విభాగం అధిపతి ఇద్దరూ రాజీనామా చేశారు. ఆ ప్రసంగం మీద ఎవరి అభిప్రాయం వారికి ఉండొచ్చు. ఆ 54 నిమిషాలు మధ్యలో ఉన్నాయని చూసేవాళ్ళకు చెప్పే సూచన తెర మీద ఏదీ లేకపోవడమే తప్పు.

ఫోటోల కత్తెర ఇంకో రకం. 2020 జనవరిలో స్విట్జర్లాండులోని దావోస్‌లో అయిదుగురు యువతులు వాతావరణ మార్పు గురించి మాట్లాడటానికి వచ్చి వరుసగా నిలబడి ఫోటో దిగారు. నలుగురు యూరప్ వాళ్ళు, అందులో గ్రెటా థన్‌బర్గ్ ఒకరు. అయిదో ఆమె ఉగాండా నుంచి వచ్చిన వనెస్సా నకాటే, వరుసలో ఎడమ చివర ఉంది. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ పంపిన ఫోటోలో ఎడమ చివర లేదు. నలుగురు తెల్ల పిల్లలే మిగిలారు. వెనకున్న భవనం చూపుకు అడ్డుగా ఉందని, కూర్పు కోసమే కత్తిరించామని సంస్థ మొదట చెప్పింది. తర్వాత ఆ సంస్థ ముఖ్య సంపాదకురాలు క్షమాపణ చెప్పారు. భవనం మాట నిజమే కావచ్చు. దురుద్దేశం లేకపోయినా ఫలితం మాత్రం ఒకటే. సభకు వచ్చిన నల్లపిల్ల సభలో లేకుండా పోయింది.

ఇది చదివిన రోజు మేము మన పాత వార్షికోత్సవాల ఆల్బం తీసి చూశాం. ముఖ్య అతిథి, వేదిక, పూలదండలు అన్నిట్లో ఉన్నాయి. వంటమనుషులు, కామాటి, వాచ్‌మన్ దాదాపు ప్రతి గ్రూపు ఫోటోలో చివర నిలబడ్డారు. పత్రికలకు పంపిన ప్రతుల్లో ఆ చివరలు లేవు. కత్తిరించింది మేమే. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చేయలేదు, ముఖ్య అతిథి మధ్యలో రావాలని చేశారు. అందుకని ఇప్పుడు ఫోటో కత్తిరించే ముందు నాలుగు అంచుల మీదా వేలు పెట్టి, ఈ అంచున ఎవరున్నారు, ఏముంది అని చూస్తాం. మనిషి పోతున్నాడంటే కత్తిరించం. జనం తక్కువగా వచ్చిన సభలో ముందు వరుసలే కనిపించేలా దగ్గరగా కత్తిరించి నిండు సభ అనిపించడం కూడా ఇలాంటి పనే. అది మన సంఘాలన్నీ చేస్తాయి, మేమూ చేశాం.

ఇక మేమిప్పుడు వీడియో చేసే పద్ధతి చెబుతాం. ఇదే సరైనదని కాదు, దెబ్బ తిని నేర్చుకున్నది.

తీసిన ఫైలును తీసినట్టే రెండు చోట్ల దాస్తాం, ఒకటి పెన్‌డ్రైవులో, ఒకటి వేరొకరి దగ్గర. వాట్సాప్‌లో మామూలుగా పంపి దాన్నే అసలు అనుకోకూడదు. అది ఫైలును కుదించి పంపుతుంది, తీసిన తేదీ వంటి వివరాలు అందులో నిలవవు. ఒక నోటుబుక్కులో తేదీ, చోటు, ఎవరు మాట్లాడారు, ఎన్ని నిమిషాలు అని రాస్తాం. తర్వాత, కత్తిరించడం మొదలుపెట్టక ముందే, మాట్లాడినదంతా కాగితం మీద రాస్తాం. ఎన్నో నిమిషంలో ఏ మాట అన్నది పక్కన వేస్తాం. పదకొండు నిమిషాలు రాయడానికి గంటన్నర పడుతుంది. విసుగు పని. కానీ తెర మీద దొరకని మలుపు కాగితం మీద దొరుకుతుంది. "కానీ", "అయితే", "అప్పట్లో", "లేకపోతే" అన్న మాటల కింద ఎర్ర గీత గీస్తాం. మనం ఉంచుకోబోయే వాక్యానికి ముందూ వెనకా ఎర్ర గీత ఉంటే, ఆ గీత ఉన్న వాక్యం కూడా ఉండాల్సిందే.

ఊఁ, ఆఁ, దగ్గు, చెప్పిందే చెప్పడం తీసేయవచ్చు. మాటల వరుస మార్చకూడదు. ఒక ప్రశ్నకు చెప్పిన జవాబును ఇంకో ప్రశ్న కింద పెట్టకూడదు. వీలైతే ప్రశ్న కూడా వినిపించాలి. రెండు ముక్కలు కలిపిన చోట దాని మీద కుళాయి బొమ్మ కప్పకుండా అర సెకను నల్లతెర వేస్తాం. చూడటానికి మొరటుగా ఉంటుంది, ఉండనీ. అక్కడ కొంత తీసేశామని అందరికీ తెలుస్తుంది. వేరే రోజు, వేరే చోట తీసిన దృశ్యం వాడితే ఆ తేదీ, చోటు తెర మీద రాస్తాం. పిల్లల ముఖాలు, ముఖ్యంగా స్నానాల దగ్గర, మసక చేస్తాం. అది కూడా మార్పే కనుక, పిల్లల ముఖాలు మసక చేశామని కింద చెబుతాం.

అంతా అయ్యాక ఇద్దరికి చూపిస్తాం. ఒకరు వీడియోలో మాట్లాడిన మనిషి. ఇది పెట్టమంటారా వద్దంటారా అని కాదు, "మీరన్నది ఇదేనా?" అని అడగడానికి. నిజం బయటికి రావడం ఇష్టంలేని వాళ్ళు వద్దనే అంటారు. కానీ నేనన్నది ఇది కాదు అంటే మాత్రం మళ్ళీ కాగితం తీస్తాం. రెండోవారు మా పక్షం కానివారు, మొత్తం చూసినవారు. వాళ్ళు ఏ మాట లేదని అడుగుతారో ఆ మాట గురించి మేము ఆలోచించాలి.

ఈ పద్ధతిలో సార్ మాటలను మళ్ళీ కోసి చూశాం. "పిల్లలు బయటికెళ్ళి స్నానం చేస్తున్న మాట నిజమే." అర సెకను నల్లతెర. "ఎస్టిమేటు వేయించి మూడుసార్లు రాశాను. మంజూరు రాలేదు. మంజూరు రాకుండా నేనేం చేయగలను?" కింద శీర్షిక, "మోటారు కాలి నెల దాటింది, మంజూరు ఎక్కడ?" చివర ఒక వరుస, "11 నిమిషాల సంభాషణలో కొంత భాగం, పూర్తి రికార్డు మా దగ్గర ఉంది." ఇదంతా కలిపినా 45 సెకన్లే వచ్చింది. అప్పటి దాని కంటే ఏడు సెకన్లు ఎక్కువ. ఆ ఏడు సెకన్లలో ప్రశ్న సార్‌ను వదిలి మంజూరు ఆపిన ఆఫీసు ముందు నిలబడింది. 2018లో మేము ఇదే పెట్టి ఉంటే, మూడు ఉత్తరాలకు జవాబు ఎందుకు ఇవ్వలేదో వాళ్ళు చెప్పుకోవలసి వచ్చేది. అర్జీతో పాటు పూర్తి రికార్డు కూడా ఇచ్చి ఉంటే, కత్తిరించారనే సాకూ ఉండేది కాదు.

తప్పు చేసిన తర్వాత దిద్దుకోవడం గురించి ఒక మాట. మేము అప్పుడు 38 సెకన్ల వీడియోను మా గ్రూపులోంచి తీసేసి ఊరుకున్నాం. అది సరిపోలేదు. అప్పటికే దించుకున్న వాళ్ళ ఫోన్లలోంచి అది పోదు. ఏ గ్రూపుల్లోకి పంపామో ఆ గ్రూపులన్నిటికీ, మేము ఫలానా మాట తీసేశాం, అది తప్పు, ఇదిగో పూర్తి మాట అని మళ్ళీ పంపి ఉండాల్సింది. ఆ పని మేము ఏడాది తర్వాత చేశాం. అప్పటికి చాలామందికి మోటారు గుర్తు లేదు, "వార్డెన్ నిర్లక్ష్యం" మాత్రం గుర్తుంది.

వార్డెన్ సార్ రిటైరయ్యారు. ఈ వార్షికోత్సవానికి పిలిస్తే వస్తానన్నారు. ఆ సాయంత్రం సభలో ఆయన పదకొండు నిమిషాల రికార్డు తెర మీద వేస్తున్నాం. పోయిన నెల ఇంటికి వెళ్ళి ముందుగా ఆయనకు చూపించాం. మొత్తం చూసి, తన డబ్బుతో వైండింగ్ చేయించిన సంగతి తీసేయమన్నారు. "అది చెప్పుకుంటే బాగుండదురా" అన్నారు. మేము ఎంత చెప్పినా వినలేదు. చివరికి, ఈ వ్యాసంలో రాయడానికి ఒప్పుకున్నారు, తెర మీద మాత్రం వద్దన్నారు. కాబట్టి నాలుగో నిమిషం దగ్గర తెర ఒక్క క్షణం నల్లబడుతుంది. "సార్ కోరిక మేరకు 20 సెకన్లు తీసివేశాం" అని అక్కడ రాసి ఉంటుంది.